జర్మనీలో ఉన్న చెల్లి అమ్మకి రాసిన ఇన్విటేషన్ లెటర్: "తిరిగి పంపిస్తామని గ్యారంటీ" అని రాయాలా?

హిందూపురం_అబ్బాయి
మా చెల్లి, వాళ్లాయన స్టుట్‌గార్ట్ పక్కన ఉంటారు. ఇద్దరిదీ ఉద్యోగమే, ఇద్దరికీ బ్లూకార్డ్ ఉంది. చెల్లికి మార్చి 15కి డెలివరీ డేట్ ఇచ్చారు. అమ్మని పంపించాలి. అమ్మకి 61 ఏళ్లు, ఇంతవరకు విమానం ఎక్కలేదు. నాన్న గవర్నమెంట్ టీచర్, పోయారు. అమ్మకి ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. హిందూపురంలో సొంత ఇల్లు ఉంది, పైపోర్షన్ అద్దెకిచ్చాం. కొంచెం పొలం కౌలుకిచ్చాం. ఏడాదిలో సగం రోజులు ఇక్కడ కుందలహళ్లిలో మా దగ్గరే ఉంటుంది.

చెల్లి పంపిన లెటర్ సారాంశం ఇది: "మా అమ్మని మార్చి 1 నుంచి మే 29 వరకు ఆహ్వానిస్తున్నాను. బిడ్డని చూసుకోవడానికి ఆవిడ సాయం మాకు చాలా అవసరం. ఖర్చులన్నీ మావే. గడువులోపు తిరిగి వస్తుందని మేము పూర్తి గ్యారంటీ ఇస్తున్నాం."

మారతహళ్లిలో ఒక ఏజెంట్‌కి చూపించాను. ఇది చాలదట. గ్యారంటీ సంగతి స్టాంప్ పేపర్ మీద రాయించి, చెల్లి అక్కడ ఇండియన్ కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి పంపాలంటున్నాడు. దానికి విడిగా డబ్బులు. తొమ్మిదో నెల దగ్గర పడుతుంటే దాన్ని అటూ ఇటూ తిప్పడం నాకిష్టం లేదు. నిజంగా అవసరమా? జనవరిలో అప్లై చేద్దామనుకుంటున్నాం, ఇంకా రెండు నెలలు టైముంది.

స్టాంప్‌పేపర్_సుబ్బు
అవసరమే బ్రో. మా పెద్దమ్మకి నోటరీ చేయించాకే వీసా వచ్చింది. ఇంకోటి, అమ్మ అకౌంట్లో ఒక ఐదు లక్షలు వేసి ఉంచు. బ్యాలెన్స్ గట్టిగా కనిపిస్తే ఎవరూ ఏమీ అడగరు.

వైట్‌ఫీల్డ్_వాసు
ఇవన్నీ దండగ. మా అమ్మానాన్నల్ని చెన్నైలో అమెరికన్ కాన్సులేట్‌కి తీసుకెళ్లా. ఇంత లావు ఫైలు మోసుకెళ్లారు. జెమిని ఫ్లైఓవర్ దగ్గర ఎండలో నిలబడి లోపలికెళ్తే, ఆఫీసర్ ఒక్క కాగితం ముట్టుకోలేదు. అబ్బాయి ఏం చేస్తాడు, ఎన్నాళ్లు ఉంటారు, ఇక్కడ మీకెవరున్నారు అని మూడు ప్రశ్నలు. అంతే. లెటర్ గురించి ఇంత ఆలోచన ఎందుకు?

కోరమంగళ_వదిన
వాసు గారూ, ఆయన అడిగింది జర్మనీ గురించి.

పాతఫైళ్ల_మూర్తి
నేను ఒక ఐటీ కంపెనీ ట్రావెల్ డెస్క్‌లో చాలా ఏళ్లు పనిచేశాను. ఉద్యోగుల అమ్మానాన్నల ఫైళ్లు కూడా చూసేవాళ్లం, అందులో ఎక్కువ జర్మనీవే. కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ముందు వాసు గారి మాట. ఆయన చెప్పింది అమెరికా వరకు నిజం. విజిటర్ వీసాకి ఇన్విటేషన్ లెటర్ గానీ సపోర్ట్ అఫిడవిట్ గానీ అవసరం లేదని వాళ్ల ప్రభుత్వమే చెబుతుంది. అక్కడ ఇంటర్వ్యూలో అమ్మానాన్నలు చెప్పే జవాబులే లెక్క. జర్మనీకి తీసుకునే షెంగెన్ వీసా పద్ధతి వేరు. అమ్మ వీసా అప్లికేషన్లు తీసుకునే వీఎఫ్ఎస్ సెంటర్లో ఫైలిచ్చి వేలిముద్రలు వేసి వచ్చేస్తారు. నిర్ణయం తీసుకునే ఆఫీసర్ చాలాసార్లు ఆవిడ మొహం కూడా చూడడు. అందుకే అక్కడ కాగితాలే మాట్లాడాలి.

ఇక అసలు విషయం. మీ చెల్లి మూడు సంగతుల్ని ఒకే లెటర్లో కుక్కింది: డబ్బు, వసతి, తిరిగి రావడం. జర్మనీకి ఈ మూడూ మూడు వేరే చోట్ల రుజువవుతాయి.

డబ్బుకి లెటర్ చాలదు. దానికి వాళ్ల దగ్గర ఒక ప్రభుత్వ ఫారం ఉంది, ఫెర్‌ఫ్లిష్‌టుంగ్స్‌ఎర్‌క్లేరుంగ్. అక్కడ మనవాళ్లందరూ వీఈ అనే అంటారు. మీ చెల్లి తనుండే ఊరి ఫారినర్స్ ఆఫీసుకి పే స్లిప్పులు, అద్దె అగ్రిమెంటు, పాస్‌పోర్ట్, బ్లూకార్డ్ పట్టుకెళ్లి అక్కడి అధికారి ముందు సంతకం చేయాలి. ఫీజు 29 యూరోలు. అమ్మ ఉన్నన్నాళ్ల ఖర్చు, వైద్యం ఖర్చు, అవసరమైతే వెనక్కి పంపే ఖర్చు కూడా మేమే కడతామని అది చట్టబద్ధంగా ఇచ్చే మాట. ఆ ఒరిజినల్‌ని కొరియర్లో మీకు పంపితే ఫైల్లో కాపీతో కలిపి పెడతారు. ఇది ఉన్నాక స్టాంప్ పేపర్ మీద గ్యారంటీకి విలువేమీ లేదు. ఏజెంట్ మాట వదిలేయండి.

వసతికి అద్దె అగ్రిమెంటు, అడ్రస్ రిజిస్ట్రేషన్ కాగితం సరిపోతాయి. లెటర్లో ఒక్క వాక్యం చాలు.

తిరిగి రావడం సంగతి మాత్రం మీ చెల్లి రుజువు చేయగలిగింది కాదు. అది మీ అమ్మగారి కాగితాలు చెప్పాలి. "గ్యారంటీ ఇస్తున్నాం" అని కూతురు ఎంత గట్టిగా రాసినా, ఆఫీసర్ తూచేది అప్లికెంట్ ఉద్దేశాన్ని. తల్లి ఫైల్లో ఏమీ లేకుండా కూతురి లెటర్లో మాత్రం పెద్ద హామీ ఉంటే, ఆ ఖాళీ ఇంకా బాగా కనబడుతుంది.

బ్లూకార్డ్_బాబు
మ్యూనిక్ నుంచి. మూర్తి గారు చెప్పిన వీఈ గురించి ఒక్క మాట. రెండో పేజీలో ఆఫీసు వాళ్లు నింపే చోటు ఉంటుంది. స్పాన్సర్ ఆర్థిక స్తోమత "నిరూపితమైంది" అని అక్కడ టిక్ పడాలి. ఊరికే సంతకం ధ్రువీకరించి ఇచ్చేస్తే కాన్సులేట్‌లో పనికిరాదు. కౌంటర్ దగ్గరే చూసుకోమనండి, ఇంటికెళ్లాక చూస్తే మళ్లీ అపాయింట్‌మెంటే. నాకు అపాయింట్‌మెంట్ దొరకడానికే వారాలు పట్టింది. అన్నిటికన్నా ముందు ఆ పని మొదలెట్టమనండి.

హిందూపురం_అబ్బాయి
మూర్తి గారూ, బాబు గారూ, చాలా థాంక్స్. వీఈ గురించి ఏజెంట్ ఒక్క ముక్క చెప్పలేదు. చెల్లిని అడిగితే "ఆయన పేరు మీద తీసుకుంటాంలే, ఆయన జీతం ఎక్కువ" అంది. కానీ వాళ్లాయన కార్డు ఏప్రిల్ 30తో అయిపోతుందట, రెన్యూవల్‌కి ఇంకా పెట్టలేదు. చెల్లిది 2027 దాకా ఉంది. లెటర్ చెల్లిది, వీఈ ఆయనది అయితే ఇబ్బందా?

పాతఫైళ్ల_మూర్తి
లెటర్ ఒకరిది, వీఈ ఇంకొకరిది అయినా తప్పు లేదు. ఖర్చు ఎవరు భరిస్తున్నారో లెటర్లో ఒక మాట ఉంటే సరి. చిక్కు కార్డుతోనే. అమ్మ మేలో కూడా అక్కడుండాలి, హామీ ఇచ్చే మనిషి పర్మిట్ ఏప్రిల్‌లోనే అయిపోతుంది. ఆఫీసులో మొదట చూసేది అదే.

చెల్లి పేరు మీదే చేయించండి, కానీ డిసెంబర్‌లోనే. కారణం ఇదీ. డెలివరీకి ఆరు వారాల ముందు, అంటే ఫిబ్రవరి 1 నుంచి ఆమెకి అక్కడ ప్రసూతి సెలవు మొదలవుతుంది, డెలివరీ తర్వాత ఎనిమిది వారాల దాకా ఉంటుంది. డిసెంబర్‌లో వెళ్తే సెప్టెంబర్, అక్టోబర్, నవంబర్ పే స్లిప్పులు మూడూ నిండు జీతంతో ఉంటాయి. చూసేవాళ్లకి ప్రశ్నే రాదు. వీఈ తీసుకున్న ఆరు నెలల్లోపు వీసాకి అప్లై చేయాలి, జనవరిలో పెడతారు కాబట్టి ఆ గడువూ సమస్య కాదు. ప్రసూతి సెలవులో కూడా ఇన్సూరెన్స్ వాళ్లు రోజుకి 13 యూరోల దాకా ఇస్తారు, మిగతాది కంపెనీ కలిపి దాదాపు చేతికొచ్చే జీతమే అందుతుంది. ఎవరైనా అడిగితే ఆ మాట చెప్పడానికి చెల్లి సిద్ధంగా ఉంటే చాలు.

బ్లూకార్డ్_బాబు
మా ఊళ్లో అయితే ప్రెగ్నెన్సీ కనిపిస్తే భర్త స్లిప్పులు కూడా తెమ్మన్నారు, మా ఫ్రెండ్ విషయంలో. మొగుడూ పెళ్లాం ఇద్దరి సంతకాలతో ఇచ్చే ఊళ్లూ ఉన్నాయి. ఊరికో పద్ధతి.

పాతఫైళ్ల_మూర్తి
అవును, అది ఆ ఊరి ఆఫీసునే మెయిల్‌లో అడగాలి. ఇంట్లో ఎంతమంది ఉన్నారన్న దాన్నిబట్టి ఎంత జీతం కావాలో కూడా వాళ్లే లెక్కేస్తారు. ఇద్దరి స్లిప్పులూ పట్టుకెళ్తే నష్టం లేదు.

రామ్మూర్తినగర్_రాణి
మా అత్తయ్యకి రిఫ్యూజ్ అయింది, మీకు పనికొస్తుందని రాస్తున్నా. మా ఆడపడుచు కూడా అచ్చం ఇలాగే "బిడ్డని చూసుకోవడానికి" అనే రాసింది. పైగా "నేను ఉద్యోగంలో చేరేదాకా" అని ఒక ముక్క కలిపింది. సరిగ్గా 90 రోజులు అడిగారు. రిఫ్యూజల్ కాగితంలో ఇంగ్లీషులో నంబర్లు వేసి కారణాలు ఉంటాయి. 13వ దానికి టిక్ పెట్టారు. వీసా గడువులోపు దేశం వదిలి వెళ్తారన్న ఉద్దేశం మీద అనుమానం ఉందని దాని అర్థం. డబ్బు గురించి ఏ టిక్కూ లేదు. వీఈ పక్కాగా ఉంది, వాళ్లకి జీతాలూ బాగానే ఉన్నాయి. అయినా సరే.

నెల్లూరు_సీను
మా అక్క కూడా "బేబీ కేర్ హెల్ప్" అనే రాసింది. అమ్మకి వీసా వచ్చింది కదా! మాటలు పట్టుకుని భయపెట్టకండి.

పాతఫైళ్ల_మూర్తి
సీను గారూ, ఆ మాట రాస్తే రిఫ్యూజ్ అవుతుందని నేననను. పురుడికి తల్లి రావడం ఆఫీసర్లకి కొత్తేమీ కాదు. రాణి గారి కేసులో నాకు తేడా కొట్టింది ఆ రెండో ముక్క. "నేను ఉద్యోగంలో చేరేదాకా" అంటే, ఉద్యోగంలో చేరాక బిడ్డని ఎవరు చూస్తారన్న ప్రశ్నకి లెటర్లో జవాబు లేదు. దానికి తోడు 90 రోజులు. ఇచ్చే గడువంతా అడిగారు, ఆఖరి రోజుకి ఏ కారణమూ చెప్పలేదు. చదివేవాడికి అమ్మమ్మ అవసరం 91వ రోజు కూడా అలాగే ఉంటుందనిపిస్తుంది.

అందుకే హిందూపురం గారూ, మీ చెల్లిని నేనడిగేది ఒక్కటే ప్రశ్న: మే 29 ఎందుకు? ఆ రోజు ఏం జరుగుతుంది?

హిందూపురం_అబ్బాయి
ఏమీ లేదండీ. 90 రోజులు లెక్కేసి పెట్టాం. ఇప్పుడే చెల్లితో మాట్లాడాను. వాళ్లాయన పేరెంటల్ లీవ్ తీసుకుంటున్నాడు, మే 11 నుంచి రెండు నెలలు. ఆఫీసులో ఇప్పటికే చెప్పాడట. చెల్లి ప్రసూతి సెలవు మే 10తో అయిపోయినా, ఏడాది దాకా ఇంట్లోనే ఉంటుంది.

పాతఫైళ్ల_మూర్తి
అదిగో! లెటర్‌కి వెన్నెముక అదే, మీ దగ్గరే ఉంది. మే 11 నుంచి తండ్రి ఇంట్లో ఉంటాడు, తల్లీ ఇంట్లోనే ఉంటుంది. అమ్మమ్మ రావడానికీ వెళ్లడానికీ రెంటికీ కారణం దొరికింది. తారీఖులు మార్చి 5 నుంచి మే 14 దాకా పెట్టుకోండి. డెలివరీకి పది రోజుల ముందు వస్తారు, అల్లుడు సెలవులో చేరిన మూడు నాలుగు రోజులకి బయల్దేరతారు. కంపెనీ నుంచి ఆ సెలవు గురించి ఒక మెయిల్ గానీ ఉత్తరం గానీ దొరికితే జత చేయండి.

ఇప్పుడు లెటర్ ఇలా రాయమనండి. ఇంగ్లీషులో రాయాలి, ఒక పేజీ దాటకూడదు. నేను సారాంశం చెబుతాను, మాటలు తనవే పెట్టుకోవాలి.

"నేను ఫలానా, పుట్టిన తేదీ ఫలానా, ఈ అడ్రస్‌లో ఉంటాను, ఈ కంపెనీలో పనిచేస్తున్నాను, నా బ్లూకార్డ్ 2027 వరకు ఉంది. మా అమ్మ ఫలానా, పాస్‌పోర్ట్ నంబర్ ఫలానా, 5 మార్చి నుంచి 14 మే వరకు మా ఇంటికి రావాలని ఆహ్వానిస్తున్నాను. మాకు మార్చి మధ్యలో మొదటి బిడ్డ పుట్టబోతోంది, డాక్టర్ సర్టిఫికెట్ జత చేశాను. ఆ సమయంలో అమ్మ మాతో ఉండాలని మా కోరిక. 11 మే నుంచి నా భర్త పేరెంటల్ లీవ్‌లో ఉంటారు, నేను కూడా ఇంట్లోనే ఉంటాను. ఆ వారంలోనే అమ్మ బెంగళూరుకి తిరిగి వెళ్తారు. అమ్మ మా రెండు గదుల ఫ్లాట్‌లో, 62 చదరపు మీటర్లది, మాతోనే ఉంటారు. అద్దె అగ్రిమెంటు జత చేశాను. ఖర్చులకి వీఈ ఇచ్చాను. అమ్మ ఇండియాలో మా అన్నయ్య కుటుంబంతోనూ తన సొంత ఇంట్లోనూ ఉంటారు, ఆ వివరాలు ఆవిడ అప్లికేషన్‌లో ఉన్నాయి." సంతకం, తేదీ, ఫోన్ నంబర్.

చదరపు మీటర్లు నేను ఊహించి రాశాను, అగ్రిమెంట్లో ఉన్నది రాయండి. గ్యారంటీ అన్న మాట ఎక్కడా లేదు చూడండి. తిరిగి రావడం గురించి ఒక తేదీ, ఒక కారణం, ఒక వాక్యం. మిగతాదంతా అమ్మగారి ఫైలు చూసుకుంటుంది.

కోరమంగళ_వదిన
నేను సేవ్ చేసుకుంటున్నా. మా మరిది వాళ్లకి కూడా పనికొస్తుంది.

స్టాంప్‌పేపర్_సుబ్బు
సరే, గ్యారంటీ వద్దు. బ్యాలెన్స్ సంగతేంటి మరి? అమ్మ అకౌంట్లో డబ్బులుంటే మంచిదే కదా.

పాతఫైళ్ల_మూర్తి
అమ్మ అకౌంట్లో నెలనెలా పెన్షన్ పడుతుంది, పైపోర్షన్ అద్దె పడుతుంది, కరెంటు బిల్లు, మందుల ఖర్చు పోతుంది. ఆ స్టేట్‌మెంటే బంగారం. ఒక మనిషి జీవితం అక్కడ నడుస్తోందని అది చెబుతుంది. అందులో అప్లికేషన్‌కి పది రోజుల ముందు ఐదు లక్షలు వచ్చి పడితే, ఆఫీసర్ కళ్లు ఆ ఒక్క గీత దగ్గరే ఆగుతాయి. ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు, వీసా అయ్యాక వెనక్కి పోతుందా? ఖర్చుకి వీఈ ఉన్నప్పుడు ఆ డబ్బుతో పనే లేదు. లేని అనుమానాన్ని కొని తెచ్చుకోవడమే.

స్టాంప్‌పేపర్_సుబ్బు
మా పెద్దమ్మకి వేశాం, ఏమీ అనలేదు. సరే, మీ ఇష్టం.

హిందూపురం_అబ్బాయి
అమ్మ ఫైల్లో ఏమేం పెట్టాలి? పెన్షన్ పాస్‌బుక్, ఇంటి పన్ను రసీదు, అద్దె అగ్రిమెంటు, పట్టాదారు పాసుపుస్తకం ఉన్నాయి. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి కదా, అది తిరిగి రావడానికి కారణంగా చూపించొచ్చా?

వైట్‌ఫీల్డ్_వాసు
లైఫ్ సర్టిఫికెట్ సూపర్ పాయింట్. ఇక్కడికి వచ్చి వేలిముద్ర వేయకపోతే పెన్షన్ ఆగిపోతుంది!

రామ్మూర్తినగర్_రాణి
ఇప్పుడు ఫోన్లో మొహం చూపించి కూడా ఇచ్చేస్తున్నారండీ. మా మావయ్య ఇంట్లో కూర్చునే ఇచ్చారు.

పాతఫైళ్ల_మూర్తి
రాణి గారు చెప్పింది నిజం, అందుకే దాని మీద బరువు వేయొద్దు. పెన్షన్ ఆర్డరు, స్టేట్‌మెంటు చాలు. పెన్షన్ డబ్బు ఎక్కడున్నా అకౌంట్లో పడుతుంది, కాబట్టి అది ఆదాయానికి రుజువే తప్ప తిరిగి రావడానికి పెద్ద రుజువు కాదు. ఇల్లు, పొలం కూడా అంతే, మనిషి లేకపోయినా ఉంటాయి. వాటిని ఆవిడే చూసుకుంటున్నారని కనబడాలి. అద్దె అగ్రిమెంట్లో ఓనర్‌గా ఆవిడ సంతకం ఉందా? అద్దె ఆవిడ అకౌంట్లోనే పడుతుందా? కౌలు మళ్లీ ఎప్పుడు మాట్లాడాలి?

హిందూపురం_అబ్బాయి
అగ్రిమెంటు అమ్మ పేరు మీదే. అద్దె ఫోన్‌పేలో అమ్మకే వస్తుంది. కౌలు ఏటా జూన్‌లో వేరుశనగ వేసేలోపు మాట్లాడుకుంటాం, అమ్మే మాట్లాడుతుంది, నాకు ఆ లెక్కలు తెలియవు. ఇంకోటి, మా పాప రెండో క్లాసు. మేమిద్దరం ఉద్యోగాలు. జూన్‌లో స్కూలు తెరిచేసరికి అమ్మ ఇక్కడ లేకపోతే మాకు చాలా కష్టం. ఇది రాయొచ్చా?

పాతఫైళ్ల_మూర్తి
రాయాలి. దాన్ని మీ చెల్లి లెటర్లో కాదు, మీరే అర పేజీలో రాయండి. "మా అమ్మ మా దగ్గర ఉంటారు, జూన్ నుంచి స్కూలు తెరిచాక మా పాపని చూసుకుంటారు, కౌలు వ్యవహారం ఆవిడే చూసుకుంటారు" అని. మీ ఆధార్ కాపీ, మీ ఇంటి అడ్రస్ రుజువు, పాప స్కూల్ ఐడీ కాపీ. ఆ అడ్రస్, అమ్మగారి అప్లికేషన్ ఫారంలో ఇంటి అడ్రస్‌గా పెట్టింది ఒక్కటే అయ్యుండాలి. హిందూపురం ఒకచోట, కుందలహళ్లి ఒకచోట ఏ వివరణా లేకుండా పడితే, ఆవిడ అసలు ఎక్కడుంటారో తెలియకుండా పోతుంది.

నెల్లూరు_సీను
అన్న లెటర్ ఎవరూ చదవరండీ. చెక్‌లిస్ట్‌లోనే లేదు.

పాతఫైళ్ల_మూర్తి
చెక్‌లిస్ట్‌లో లేకపోయినా పెట్టొచ్చు. చదువుతారో లేదో నేను చెప్పలేను. అర పేజీకి ఖర్చేముంది?

కోరమంగళ_వదిన
ఒక మాట చెప్పనా, ఎవరూ అడగలేదు గానీ. మా అమ్మ ఫైలు పెట్టాక ఒక రోజు ఫోన్ వచ్చింది. ఎన్నాళ్లు ఉంటారమ్మా అని అడిగితే, మా అమ్మ గొప్పగా "పిల్లాడు పాకేదాకా ఉంటాను, ఆర్నెల్లైనా పరవాలేదు" అంది! లెటర్లో రెండు నెలలు రాసి ఉంది. అదృష్టం కొద్దీ పక్కన మా తమ్ముడు ఉన్నాడు, టికెట్ బుకింగ్ తారీఖు గుర్తుచేశాడు, అమ్మ సర్దుకుని చెప్పింది. హిందూపురం గారూ, ఆ లెటర్ తెలుగులో ఒకసారి అమ్మకి చదివి వినిపించండి. ఎందుకు మే 14నే వస్తున్నానో ఆవిడ సొంత మాటల్లో చెప్పగలగాలి.

రామ్మూర్తినగర్_రాణి
పిల్లాడు పాకేదాకా 😀 అమ్మలందరూ అంతే.

హిందూపురం_అబ్బాయి
మా అమ్మ కూడా కచ్చితంగా అదే చెబుతుంది. ఈ రోజే కూర్చోబెడతాను.

ఇంకో చిక్కు కనిపించింది. అమ్మ పాస్‌పోర్ట్‌లో లక్ష్మీదేవమ్మ అని ఉంది. చెల్లి పాస్‌పోర్ట్ చివరి పేజీలో తల్లి పేరు లక్ష్మీదేవి. చెల్లి బర్త్ సర్టిఫికెట్ లేదు, టెన్త్ మెమోలో నాన్న పేరొక్కటే ఉంది. చుట్టరికం ఎలా చూపించాలి?

స్టాంప్‌పేపర్_సుబ్బు
ఇప్పుడు చెప్పండి, స్టాంప్ పేపర్ కావాలా వద్దా! రెండు పేర్లూ ఒకే మనిషివని అమ్మ చేత ఈ-స్టాంప్ మీద అఫిడవిట్ రాయించి నోటరీ చేయించు బ్రో. నోటరీ దగ్గరికి అమ్మ స్వయంగా వెళ్లాలి, ఆధార్ తీసుకెళ్లండి. అమ్మ ఆధార్‌లో, రేషన్ కార్డులో ఏ పేరుందో ముందు చూడు.

పాతఫైళ్ల_మూర్తి
ఇక్కడ సుబ్బు గారి మాట నూటికి నూరుపాళ్లు కరెక్ట్. అఫిడవిట్‌తో పాటు పాత కాగితం ఒకటి కావాలి, వీసా కోసం పుట్టింది కాకుండా. నాన్నగారి సర్వీసు రికార్డులో కుటుంబ సభ్యుల వివరాలుంటాయి. ఫ్యామిలీ పెన్షన్ ఆర్డర్లో భార్యగా అమ్మ పేరు ఉంటుంది. టెన్త్ మెమోలో నాన్న పేరు, పెన్షన్ ఆర్డర్లో నాన్న పేరు పక్కన అమ్మ పేరు, రెండూ కలిపితే గొలుసు పూర్తవుతుంది. హిందూపురం మున్సిపాలిటీలో చెల్లి పుట్టుక నమోదై ఉందేమో కూడా అడగండి. ఉంటే సర్టిఫికెట్ ఇస్తారు, అప్పుడు ఇంత చుట్టుతిరుగుడు ఉండదు.

హిందూపురం_అబ్బాయి
పెన్షన్ ఆర్డర్లో లక్ష్మీదేవమ్మ అనే ఉంది, ఇప్పుడే చూశాను. ఆధార్‌లోనూ అదే. అంటే తేడా చెల్లి పాస్‌పోర్ట్‌లోనే. కొంచెం ధైర్యం వచ్చింది.

పట్టాదారు పాసుపుస్తకం తెలుగులో ఉంది. ట్రాన్స్‌లేట్ చేయించాలా?

బ్లూకార్డ్_బాబు
ఇంగ్లీషు గానీ జర్మన్ గానీ కావాలి. తెలుగు అక్కడెవరికీ అర్థం కాదు. మొత్తం పుస్తకం అక్కర్లేదు, పేరు, సర్వే నంబర్, విస్తీర్ణం ఉన్న పేజీ చాలు.

నెల్లూరు_సీను
రిఫ్యూజ్ అయినా కంగారు పడొద్దు. రిమాన్‌స్ట్రేషన్ అని ఉత్తరం రాస్తే ఫ్రీగా మళ్లీ చూస్తారు. మా ఫ్రెండ్‌కి అలాగే వచ్చింది.

పాతఫైళ్ల_మూర్తి
అది ఇప్పుడు లేదు సీను గారూ. 2025 జులై 1 నుంచి జర్మనీ వాళ్లు ఆ పద్ధతి ఎత్తేశారు. ఇప్పుడు రిఫ్యూజ్ అయితే మళ్లీ కొత్తగా ఫీజు కట్టి అప్లై చేయాలి, లేదా బెర్లిన్‌లో కోర్టుకి వెళ్లాలి. పెద్దవాళ్లకి ఫీజు 90 యూరోలు, పైన సర్వీస్ చార్జీ. మీ ఫ్రెండ్‌ది అంతకుముందు కేసు అయ్యుంటుంది. అందుకే మొదటి ఫైలే సరిగ్గా కట్టాలంటున్నాను. డెలివరీ ముందు రెండోసారి అప్లై చేసే టైము ఉండదు. మామూలుగా 15 రోజుల్లో చెబుతారు, ఇంకా పరిశీలించాలనుకుంటే 45 రోజుల దాకా పట్టొచ్చు. జనవరి మొదటి పది రోజుల్లో వీఎఫ్ఎస్ స్లాట్ దొరికేలా డిసెంబర్‌లోనే చూస్తూ ఉండండి.

రామ్మూర్తినగర్_రాణి
మా అత్తయ్యకి రెండోసారి అప్లై చేశాం, వచ్చింది. పాత రిఫ్యూజల్ దాచలేదు, కవర్ లెటర్లో ముందే రాశాం. ఈసారి ఆరు వారాలే అడిగాం. దానివల్ల వచ్చిందో, మావయ్య ఇక్కడే ఉంటారని ఆయన పెన్షన్ కాగితాలు పెట్టినందువల్ల వచ్చిందో తెలియదు.

హిందూపురం_అబ్బాయి
మా అమ్మకి అలా ఇక్కడ మావయ్య లేరు కదా. నాన్న లేకపోవడం మైనస్ అవుతుందా? ఏజెంట్ అదే అన్నాడు, "విడో కేసు, కష్టం" అని. అమ్మ పక్కనే కూర్చుని ఉంది ఆ మాట అన్నప్పుడు. నాకు చాలా బాధేసింది.

కోరమంగళ_వదిన
ఆ మనిషి దగ్గరికి మళ్లీ వెళ్లకండి.

పాతఫైళ్ల_మూర్తి
భర్త లేని తల్లి, మొదటిసారి ప్రయాణం అంటే ఆఫీసర్ ఇంకొంచెం జాగ్రత్తగా చూస్తాడన్నది నిజమే, అబద్ధం చెప్పను. అలాంటి వాళ్లకి వీసాలు రావడం నేను చాలా చూశాను. అలాంటి ఫైల్లోనే మీ అర పేజీ ఉత్తరానికి విలువ ఎక్కువ. ఆవిడ ఒంటరి కాదు, ఇక్కడ కొడుకు, కోడలు, మనవరాలు ఉన్నారు, ఆ ఇంట్లో ఆవిడకి స్థానం ఉంది. అది కాగితం మీద కనబడాలి.

ఇన్సూరెన్స్ మర్చిపోవద్దు, 30,000 యూరోలకి తక్కువ కాకుండా, మార్చి 5 నుంచి మే 14 దాకా మొత్తం కవరయ్యేలా. టికెట్ కొనకండి, రిజర్వేషన్ చాలు.

బ్లూకార్డ్_బాబు
ఇంకో ముఖ్య విషయం, వీసా వచ్చాక. అమ్మలు సామాన్లో నెయ్యి, పాలకోవా పెట్టేస్తారు. పాలతో చేసినవి, మాంసం యూరప్‌లోకి తేనివ్వరు, ఎయిర్‌పోర్ట్‌లో తీసేసుకుంటారు. ఆవకాయకి ఏ అడ్డూ లేదు, గట్టిగా ప్యాక్ చేయండి. వీఈ కాపీ, చెల్లి లెటర్ చేతి సంచిలో ఉండాలి, చెక్-ఇన్ సూట్‌కేసులో కాదు. ఇమిగ్రేషన్‌లో ఎవరింటికి వెళ్తున్నారని అడిగితే చూపించడానికి.

హిందూపురం_అబ్బాయి
బాలింతకి నెయ్యి లేకుండా ఎలా అని అమ్మ ఇప్పుడే మొదలెట్టింది 😀

చెల్లి ఊరి ఆఫీసులో డిసెంబర్ 9కి స్లాట్ దొరికింది, ఇద్దరి స్లిప్పులూ తీసుకెళ్తున్నారు. ఇద్దరి సంతకాలు ఒప్పుకుంటారా అని మెయిల్ పెట్టింది, జవాబు రాలేదు. వచ్చాక ఇక్కడే రాస్తాను.

బ్లూకార్డ్_బాబు
జవాబు రాకపోతే అపాయింట్‌మెంట్ రోజు వాళ్లాయన్ని కూడా వెంట తీసుకెళ్లమనండి, ఇద్దరి పాస్‌పోర్టులతో. అప్పుడు వాళ్లు ఎలా అడిగినా అక్కడికక్కడే పనైపోతుంది.